బల్ల మీద జారకుండా దొర్లే శంకువు: కోణీయ వేగం Ω cot α అనాలా, Ω/sin α అనాలా?

అనూష_ఇంటర్2

అందరికీ నమస్కారం. ఒక శంకువును పక్కకు పడుకోబెట్టి బల్ల మీద జారకుండా దొర్లిస్తే, దాని శీర్షం ఉన్నచోటే ఉండిపోయి, మిగతా శంకువు దాని చుట్టూ వృత్తంలో తిరుగుతుంది. అక్షానికీ ఏటవాలు గీతకూ మధ్య కోణం α అనీ, పైనుంచి చూసినప్పుడు శంకువు శీర్షం చుట్టూ తిరిగే వేగం Ω అనీ అనుకుందాం. శంకువు కోణీయ వేగం ఎంత అనే ప్రశ్నకు నా దగ్గరున్న ఒక పుస్తకంలో Ω cot α అనీ, మరొక దానిలో Ω/sin α అనీ జవాబు ఇచ్చారు. రెండింటిలోనూ లెక్క సరిగ్గానే ఉన్నట్లు కనిపిస్తున్నది కాబట్టి, తేడా ఎక్కడ వస్తున్నదో నాకు అంతుబట్టడం లేదు.

దీనితో ముడిపడిన రెండో సందేహం కూడా ఉంది. శీర్షాన్ని ఎవరూ మేకు కొట్టి బిగించలేదు, దారంతో కట్టలేదు. అలాంటప్పుడు అది కదలకుండా ఎలా ఉంటుంది? స్తూపం తిన్నగా దొర్లిపోతుండగా శంకువు మాత్రం వృత్తమే ఎందుకు గీయాలి?

గోదావరి_గణితం

ఇది వేగాల లెక్క కంటే ముందు పొడవుల లెక్క. శంకువు ఆధార వృత్తం వ్యాసార్ధం R, ఏటవాలు ఎత్తు L అనుకోండి. ఆధారపు అంచు బల్ల మీద గీసే వృత్తం వ్యాసార్ధం L, దాని చుట్టుకొలత 2πL. అంచు చుట్టుకొలత 2πR. జారడం లేదు కాబట్టి ఒక పూర్తి ప్రదక్షిణలో అంచు L/R సార్లు దొర్లాలి. R/L అంటే sin α కాబట్టి, శంకువు తన చుట్టూ తాను తిరిగే వేగం Ω/sin α అవుతుంది. నా దృష్టిలో ఇదే సరైన జవాబు. Cot α అని ఇచ్చిన పుస్తకం ఎక్కడో అక్షాన్ని తప్పుగా తీసుకుని ఉంటుంది.

వృత్తం ఎందుకంటే, ఆధారం వైపు అంచు పెద్దది, శీర్షం వైపు చిన్నది. ఒక చుట్టులో పెద్ద అంచు ఎక్కువ దూరం పోతుంది, చిన్నది తక్కువ దూరం పోతుంది, కాబట్టి మొత్తం వస్తువు చిన్న వైపుకు తిరగక తప్పదు.

శాస్త్రి_మాస్టారు

గణితం గారు చెప్పిన పొడవుల లెక్కలో లోపం లేదు. అయితే దానినుంచి వచ్చిన Ω/sin α అనే సంఖ్య శంకువు మొత్తం కోణీయ వేగం కాదు; మొత్తంలో ఒక భాగం. Ω cot α అని ఇచ్చిన పుస్తకం కూడా తప్పు చెప్పలేదు. అనూష గారి రెండో ప్రశ్నతో మొదలుపెడితే మొదటి ప్రశ్న దానంతటదే తేలిపోతుంది కాబట్టి ముందుగా దానిని తీసుకుంటాను.

జారకుండా దొర్లడమంటే, ఏ క్షణాన చూసినా బల్లను తాకుతున్న పదార్థ బిందువుల వేగం ఆ క్షణానికి సున్నా అని అర్థం. స్తూపమైనా శంకువైనా బల్లను ఒక గీత వెంబడి తాకుతాయి, ఆ గీత మీది బిందువులన్నీ ఆ క్షణంలో నిశ్చలంగా ఉంటాయి. మరుక్షణంలో స్తూపం విషయంలో ఆ బిందువులన్నీ పైకి లేచిపోయి, వాటి స్థానంలో పక్కనున్న వేరే బిందువులు బల్ల మీదికి వస్తాయి. శంకువు విషయంలో మాత్రం ఒక్క బిందువు అలా మారదు. శంకువు ఉపరితలం మీద శీర్షం నుంచి ఆధారం దాకా గీసిన ప్రతి గీతా శీర్షం గుండానే పోతుంది కాబట్టి, ఏ గీత బల్లను తాకుతున్నా శీర్షం తాకుతున్న బిందువులలో ఉండి తీరుతుంది. ఒక్క క్షణం కాకుండా అన్ని క్షణాలలోనూ దాని వేగం సున్నా కాబట్టి అది కదలదు. మేకు పని ఘర్షణ చేస్తున్నది.

శీర్షం కదలదని తేలిన తరువాత వృత్తం గురించి వేరే నిరూపణ అవసరం లేదు. శీర్షం నుంచి ఆధారపు అంచు మీది ప్రతి బిందువూ L దూరంలోనే ఉంటుంది, కాబట్టి అంచు బల్లను ఎక్కడ తాకినా అది శీర్షానికి L దూరంలోనే తాకాలి. పెద్ద అంచు ఎక్కువ దూరం పోతుందన్న మాట నిజమే గాని, ఆ మాటతో శంకువు వంపు తిరుగుతుందని మాత్రమే తెలుస్తుంది, ఆ వంపు కేంద్రం సరిగ్గా శీర్షమే అని తెలియదు.

ఇక కోణీయ వేగం. ఒక దృఢవస్తువులో ఒక గీత మీది బిందువులన్నీ నిశ్చలంగా ఉంటే, ఆ క్షణానికి వస్తువు ఆ గీత చుట్టూనే తిరుగుతున్నదని అర్థం. కాబట్టి శంకువు కోణీయ వేగం ω దిశ బల్ల మీద పడుకుని ఉన్న ఆ గీత వెంబడే ఉండాలి. శంకువు అక్షం వెంబడి కాదు, నిలువుగానూ కాదు. పరిమాణానికి ఆధార కేంద్రం C ను చూద్దాం. శంకువు నిట్టనిలువు ఎత్తు h అయితే, శీర్షం గుండా పోయే నిలువు గీతకు C దూరం h cos α, కాబట్టి దాని వేగం Ω h cos α. అదే C బల్లను తాకే గీతకు h sin α ఎత్తులో ఉంది, కాబట్టి దాని వేగం ω h sin α కూడా. రెండూ సమానం కావాలి గనుక

ω = Ω cot α

వస్తుంది. పైనుంచి చూసినప్పుడు శంకువు గడియారపు ముల్లుకు వ్యతిరేక దిశలో తిరుగుతుంటే, ఈ సదిశ ఆధారం వైపు నుంచి శీర్షం వైపుకు చూపిస్తుంది.

మరి Ω/sin α ఎక్కడిది? శంకువు చలనాన్ని రెండుగా విడదీయవచ్చు. ఒకటి, అక్షం నిలువు గీత చుట్టూ Ω వేగంతో తిరగడం. రెండోది, అలా తిరుగుతున్న అక్షాన్ని బట్టి చూసినప్పుడు శంకువు తన అక్షం చుట్టూ s వేగంతో తిరగడం. మొత్తం కోణీయ వేగం ఈ రెండు సదిశల మొత్తం. మొదటిది నిట్టనిలువుగా పైకి ఉంటుంది. రెండోది అక్షం వెంబడి C నుంచి శీర్షం వైపుకు, అంటే కొంత కిందికి వాలి ఉంటుంది. మొత్తం సదిశ బల్ల మీద పడుకోవాలంటే వాటి నిలువు అంశాలు ఒకదానినొకటి రద్దు చేసుకోవాలి: s sin α = Ω. గణితం గారి Ω/sin α ఇదే. మిగిలిన క్షితిజ సమాంతర అంశం s cos α, అంటే Ω cot α. రెండు పుస్తకాలూ ఒకే చలనం గురించి చెబుతున్నాయి. ఒకటి మొత్తాన్నీ, మరొకటి అందులో భాగాన్నీ ఇచ్చింది.

ఆ నిలువు అంశాల రద్దు ఉత్త బీజగణితం కాదని గమనించాలి. రద్దు కాకపోతే శంకువు బల్ల మీద తాకుతున్న చోట మెలి తిరుగుతున్నట్లు లెక్క, అప్పుడు తాకే గీత మీద మహా అయితే ఒక్క బిందువు నిశ్చలంగా ఉండగలదు గాని మిగతావన్నీ పక్కలకు రాసుకుంటాయి.

బొంగరం_ప్రియుడు

మాస్టారూ, బొంగరం కూడా శంకువే కదా. అది ములుకు మీద నిలబడి తిరుగుతూ, వాలినప్పుడు తల వృత్తంలో తిప్పుతుంది. అక్కడ స్వీయభ్రమణం ఎంత ఎక్కువగా ఉంటే తల అంత నెమ్మదిగా తిరుగుతుందని చదివాను. మీ సూత్రంలో మాత్రం s పెరిగితే Ω కూడా పెరుగుతున్నది. ఇది తలకిందులుగా లేదా?

శాస్త్రి_మాస్టారు

మీరు చెబుతున్నది వేరే చలనం. బొంగరం నేలను ములుకు దగ్గర మాత్రమే తాకుతుంది. అక్కడ s, Ω ల మధ్య సంబంధాన్ని నిర్ణయించేది బరువు కలిగించే టార్క్. పడుకున్న శంకువు పొడవునా బల్లను తాకుతున్నది కాబట్టి, జారకూడదన్న నియమమే s కు Ω కు సంబంధాన్ని బిగించేస్తుంది. బరువు ఎంతైనా, గురుత్వ త్వరణం ఎంతైనా ఆ సంబంధం మారదు.

అనూష_ఇంటర్2

చాలా వరకు అర్థమైంది మాస్టారూ, ధన్యవాదాలు. అయితే సంఖ్యలు వేసి చూడగానే మళ్ళీ చిక్కుకున్నాను. R = 3 సెం.మీ., L = 6 సెం.మీ. తీసుకుంటే sin α = 1/2, α = 30°. Ω సెకనుకు 1 రేడియన్ అయితే s = 2, ω = √3, అంటే సుమారు 1.73. ఆధారం మీద సిరాతో ఒక చుక్క పెట్టి, ఒక ప్రదక్షిణలో శంకువు ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెడితే 2 రావాలా, 1.73 రావాలా?

శాస్త్రి_మాస్టారు

మీ శంకువు మీదే లెక్క వేద్దాం. అంచు చుట్టుకొలత 18.85 సెం.మీ., బల్ల మీది వృత్తం చుట్టుకొలత 37.70 సెం.మీ. అంచు మీద పెట్టిన చుక్క బల్లను ఒకసారి తాకిన తరువాత, మళ్ళీ తాకేది వృత్తంలో సరిగ్గా ఎదురుగా ఉన్న చోట. కాబట్టి ఒక ప్రదక్షిణలో చుక్క రెండు సార్లు తాకుతుంది, మీరు లెక్కపెట్టేది 2.

1.73 ను అలా లెక్కపెట్టలేము. ω సదిశ పరిమాణం మారకపోయినా, దాని దిశ తాకే గీతతో పాటు బల్ల మీద తిరుగుతూ ఉంటుంది. దిశ మారుతున్న కోణీయ వేగాన్ని కాలంతో గుణించి ఇన్ని చుట్లు అనడానికి వీలులేదు. ఆ 1.73 చెప్పేది బిందువుల వేగాలను. ఉదాహరణకు ఆధారపు అంచులో అన్నిటికంటే పైనున్న బిందువును తీసుకోండి. శీర్షం నుంచి దాని దూరం 6 సెం.మీ., అది బల్లతో 60° కోణం చేస్తుంది కాబట్టి దాని ఎత్తు 5.196 సెం.మీ. దాని వేగం 1.732 × 5.196, అంటే సెకనుకు 9 సెం.మీ. ఆధార కేంద్రం C ఎత్తు 2.598 సెం.మీ., దాని వేగం సెకనుకు 4.5 సెం.మీ. దొర్లే చక్రంలో పై బిందువు కేంద్రానికి రెట్టింపు వేగంతో పోయినట్లే ఇక్కడా పోతున్నది. ω స్థానంలో 2 వాడితే ఈ వేగాలు రావు. C వేగమే 5.196 వచ్చి, Ω నుంచి వచ్చే 4.5 తో పొసగదు.

మరొక సంఖ్య కూడా ఉంది. ω సదిశకు శంకువు అక్షం మీద పడే అంశం ω cos α, మీ లెక్కలో 1.5. సాధారణంగా రాస్తే అది Ω(1/sin α − sin α). శంకువు లోపల కూర్చున్న ఒక కోణీయ వేగ మాపకం అక్షం వెంబడి చూపించే విలువ ఇదే. అక్షం కూడా తిరుగుతున్నది కాబట్టి, అక్షాన్ని బట్టి చూసిన 2 లోంచి 0.5 తగ్గిపోయింది.

కోచింగ్_కృష్ణ

ఆఖరి పేరా చూశాక నా పాత సందేహం ఒకటి మళ్ళీ లేచింది. 2016 జేఈఈ అడ్వాన్స్‌డ్ లో m, 4m ద్రవ్యరాశులు, a, 2a వ్యాసార్ధాలు గల రెండు పలుచని బిళ్ళలను √24 a పొడవు గల కడ్డీతో కేంద్రాల దగ్గర కలిపి, నేల మీద జారకుండా దొర్లించే ప్రశ్న ఇచ్చారు. అది వేషం మార్చుకున్న శంకువే. చిన్న బిళ్ళ శీర్షం నుంచి అక్షం వెంబడి √24 a దూరంలో ఉంటుంది, దాని అంచు శీర్షానికి 5a దూరంలో ఉంటుంది, కాబట్టి sin α = 1/5. కడ్డీ అక్షం చుట్టూ కోణీయ వేగం ω అని ఇచ్చి, ద్రవ్యరాశి కేంద్రం నిలువు అక్షం చుట్టూ ω/5 వేగంతో తిరుగుతుందా అని ఒక ఐచ్ఛికంలో అడిగారు. నేను తరగతిలో s = ω గా తీసుకుని, Ω = s sin α = ω/5 అని చెబుతాను. కానీ ఒక విద్యార్థి మాస్టారు ఇప్పుడు చెప్పిన అంశాన్నే ω గా తీసుకుని వేరే జవాబు తెచ్చాడు. అతనికి ఏమి చెప్పాలి?

శాస్త్రి_మాస్టారు

అతని లెక్క Ω = ω sin α / cos²α, అంటే (1/5) × (25/24) ω, 5ω/24 అయి ఉంటుంది. అది లెక్కలో పొరపాటు కాదు. కడ్డీ అక్షం చుట్టూ కోణీయ వేగం అనే మాటను రెండు విధాలుగానూ చదవవచ్చు: తిరుగుతున్న కడ్డీని బట్టి బిళ్ళ ఎంత వేగంతో తిరుగుతున్నది అని ఒకటి, మొత్తం కోణీయ వేగానికి కడ్డీ మీద అంశం ఎంత అని మరొకటి. ω/5 రావాలంటే మొదటి అర్థమే తీసుకోవాలి. పరీక్ష రాసేవాడు ఇచ్చిన ఐచ్ఛికాలను చూసి ఏ అర్థమో పసిగట్టగలడు. భౌతికశాస్త్రం దృష్ట్యా మాత్రం, ఆ ω ను దేనిని బట్టి కొలిచారో ప్రశ్నలోనే చెప్పి ఉండవలసింది.

కోచింగ్_కృష్ణ

నేను ఏకీభవించలేను. దొర్లే వస్తువుకు స్వీయభ్రమణం అన్నప్పుడు అక్షాన్ని బట్టి చూసినదే అని అందరూ అనుకుంటారు. నా విద్యార్థులకు రెండో అర్థం చెప్పి, మూడు గంటల పరీక్షలో వారిని గందరగోళంలో పడవేయడం నాకు ఇష్టం లేదు.

బడిపంతులమ్మ

నేను ఎనిమిదో తరగతి పిల్లలకు చెబుతాను కాబట్టి సదిశల జోలికి పోను, కానీ వృత్తం విషయంలో మా బడిలో చేసిన ప్రయోగం ఒకటి ఇక్కడ పనికివస్తుందనుకుంటాను. కాగితపు టీ కప్పు శీర్షం కోసేసిన శంకువే కదా. మేము తీసుకున్న కప్పు మూతి వ్యాసార్ధం 4 సెం.మీ., అడుగు వ్యాసార్ధం 3 సెం.మీ., పక్క గోడ ఏటవాలు పొడవు 10 సెం.మీ. గోడను అడుగు వైపుకు పొడిగిస్తే శీర్షం మూతి నుంచి 40 సెం.మీ. దూరంలో వస్తుంది. అందువల్ల మూతి అంచు 40 సెం.మీ. వ్యాసార్ధం గల వృత్తం గీయాలి. పాత వార్తాపత్రికలు పరచి, అంచుకు రంగు పూసి దొర్లిస్తే, వృత్తం చక్కగా వచ్చింది గాని వ్యాసార్ధం 35 సెం.మీ. దగ్గర తేలింది. కప్పు జారిందా అంటే, గీత ఎక్కడా చెదరలేదు. పిల్లలకు నేను కారణం చెప్పలేకపోయాను.

శాస్త్రి_మాస్టారు

అమ్మా, మీ కప్పు మూతికి కాగితాన్ని బయటికి చుట్టిన ఉబ్బు అంచు ఉండి ఉంటుంది. మీరు 4 సెం.మీ. అని కొలిచినది ఆ ఉబ్బు లోపలి గోడను. బల్లను తాకేది గోడ కాదు, ఒకవైపు ఆ ఉబ్బు, రెండోవైపు అడుగు అంచు. మధ్య గోడ బల్లకు అంటదు. ఉబ్బు 2 మి.మీ. అయినా బల్లను తాకే పెద్ద వ్యాసార్ధం 4.2 అవుతుంది. అప్పుడు దూరం 10 × 4.2 / (4.2 − 3), అంటే 35 సెం.మీ. మీ పిల్లలు కొలిచినది సరైనదే. రెండు వ్యాసార్ధాల తేడా హారంలో ఉంది కాబట్టి, 1 సెం.మీ. తేడాలో 2 మి.మీ. మార్పు వచ్చినా జవాబు అంతగా కదిలిపోతుంది. శీర్షం లేకపోయినా, అది ఉండవలసిన చోటు చుట్టూనే వృత్తం వస్తుందని ఈ ప్రయోగం బాగా చూపిస్తుంది.

లేత్_రమణ

నేను పెద్ద చదువులు చదవలేదు, యంత్రాల మరమ్మతు షాపులో పని చేస్తాను. మీరు చెబుతున్నది మా టేపర్ రోలర్ బేరింగుల సంగతి అనిపించి రాస్తున్నాను. లారీ చక్రం హబ్‌లో ఉండే బేరింగులో ప్రతి రోలరూ శీర్షం కోసేసిన శంకువే. అది దొర్లే లోపలి దారి ఒక శంకువు, బయటి దారి మరో శంకువు. మూడింటి గోడలనూ పొడిగిస్తే అన్నీ ఇరుసు మధ్య గీత మీద ఒకే చోట కలిసేటట్లు వాటిని తయారు చేస్తారు. ఆ చోటు తప్పితే రోలరు ఒక కొన దగ్గర దొర్లుతూ, రెండో కొన దగ్గర రాసుకుంటుంది. అలాంటి బేరింగు వేడెక్కి, రోలరు ఒక చివర మాత్రమే నీలం రంగు తిరిగి బయటికి వస్తుంది. మాస్టారు గారు తాకే గీత మీద ఒక్క బిందువు తప్ప మిగతావి రాసుకుంటాయి అన్న మాట నాకు అందుకే వెంటనే అర్థమైంది.

అనూష_ఇంటర్2

రమణ గారూ, ఈ ఉదాహరణ మా పుస్తకంలో లేదు, చాలా ధన్యవాదాలు. మాస్టారూ, ఒక సందేహం మిగిలింది. శీర్షాన్ని పట్టుకునేది ఘర్షణ అన్నారు. అయితే Ω ను పెంచుకుంటూ పోతే ఎక్కడో ఒకచోట ఘర్షణ చాలకుండా పోవాలి కదా. ముందుగా ఏమి జరుగుతుంది, శంకువు జారుతుందా, లేక ఎగిరిపడుతుందా?

శాస్త్రి_మాస్టారు

మంచి ప్రశ్న అడిగారు. దీనికి రెండు హద్దులు ఉన్నాయి, మీ శంకువునే గట్టి చెక్కతో చేసినదిగా తీసుకుని రెండూ లెక్కవేద్దాం.

మొదటిది జారడం. గట్టి శంకువు ద్రవ్యరాశి కేంద్రం శీర్షం నుంచి అక్షం వెంబడి ఎత్తులో నాలుగింట మూడు వంతుల దగ్గర ఉంటుంది. మీ శంకువులో h = 5.196 సెం.మీ., కాబట్టి నిలువు గీత నుంచి ఆ కేంద్రం దూరం 0.75 × 4.5, అంటే 3.375 సెం.మీ. అది వృత్తంలో తిరగాలంటే లోపలికి m Ω² × 3.375 బలం కావాలి, దానిని ఇవ్వగలిగినది ఘర్షణ ఒక్కటే. ఘర్షణ గుణకం 0.4 అయితే Ω² విలువ 392/3.375, అంటే 116 దాటకూడదు. Ω సెకనుకు 10.8 రేడియన్ల దగ్గర, అంటే సెకనుకు 1.7 ప్రదక్షిణల దగ్గర హద్దు వస్తుంది.

రెండోది ఎత్తుకోవడం. శంకువు కోణీయ ద్రవ్యవేగానికి బల్ల వెంబడి ఉన్న భాగం శంకువుతో పాటు దిశ మార్చుకుంటూ ఉంటుంది, అలా మారడానికి ఒక టార్క్ కావాలి. ఘర్షణ బల్ల మీదే, శీర్షం గుండా పోయే గీతలోనే పనిచేస్తుంది కాబట్టి శీర్షం చుట్టూ దాని టార్క్ సున్నా. కావలసిన టార్క్ రావాలంటే బల్ల పైకి తోసే అభిలంబ ప్రతిక్రియ, ద్రవ్యరాశి కేంద్రానికి నేరుగా కింద కాకుండా, ఆధారం వైపుకు జరిగి పనిచేయాలి. తాకే గీత చుట్టూ జడత్వ భ్రామకం I అయితే, అది జరిగే దూరం Ω² I cot α / (m g). గట్టి శంకువుకు I = m h² sin²α (0.9 + 0.15 tan²α), మీ కొలతలకు I/m విలువ 6.41 చ.సెం.మీ. వేగం పెరిగేకొద్దీ ఆ ప్రతిక్రియ 3.375 సెం.మీ. దగ్గర నుంచి బయటికి జరుగుతూ, ఆధారపు అంచు ఉన్న 6 సెం.మీ. దాకా పోగలదు గాని దానిని దాటలేదు. దాటవలసిన పరిస్థితి వచ్చినప్పుడు శీర్షం బల్ల మీద నుంచి లేస్తుంది. ఆ హద్దు Ω = 15.2 దగ్గర, అంటే సెకనుకు 2.4 ప్రదక్షిణల దగ్గర వస్తుంది. అంతవరకూ జారకుండా ఉండాలంటే ఘర్షణ గుణకం 0.8 ఉండాలి.

కాబట్టి మామూలు చెక్క బల్ల మీద ముందు జారుతుంది, శీర్షం తన చోటు వదిలి బయటికి పోతుంది, వృత్తం చెడిపోతుంది. రబ్బరు పట్టా పరచిన బల్ల మీద గుణకం 0.8 కంటే ఎక్కువ ఉంటే, జారకముందే శీర్షం లేచి, శంకువు ఆధారపు అంచు మీదికి ఒరుగుతుంది. చూస్తున్నవారికి తేడా సులభంగా తెలుస్తుంది. మొదటి సందర్భంలో శీర్షం బల్ల మీద గీత గీస్తుంది, రెండో సందర్భంలో గాలిలోకి లేస్తుంది.

గోదావరి_గణితం

ఇక్కడ నాకు ఒక అభ్యంతరం ఉంది. ప్రతిక్రియ 3.375 దగ్గర నుంచి 6 దాకా జరుగుతుంది అని ఒక బిందువు గురించి చెప్పినట్లు చెబుతున్నారు. నిజానికి బల్ల శంకువును ఆ ఆరు సెంటీమీటర్ల గీత పొడవునా తోస్తుంది కదా. ఆ బలం గీత మీద ఎక్కడ ఎంత ఉంటుందో మీ సమీకరణాలు చెప్పడం లేదు.

శాస్త్రి_మాస్టారు

చెప్పలేవు కూడా. శంకువూ బల్లా రెండూ సంపూర్ణ దృఢమైనవని అనుకున్నంత వరకు, మొత్తం బలం ఎంత, దాని ఫలిత స్థానం ఎక్కడ అనే రెండు సంగతులు మాత్రమే తేలతాయి. ఆ రెండింటికీ సరిపోయే పంపకాలు ఎన్నయినా ఉంటాయి. పంపకం తెలియాలంటే చెక్క ఎంత నొక్కుకుంటుందో లెక్కలోకి తీసుకోవాలి. అందులోనూ శీర్షం దగ్గర శంకువు వంపు వ్యాసార్ధం సున్నాకు చేరుతుంది కాబట్టి, మామూలు స్తూపానికి వాడే సూత్రాన్ని అక్కడి దాకా నమ్మకంగా వాడలేము.

లేత్_రమణ

లెక్క సంగతి నాకు తెలియదు గాని, బేరింగు రోలరును తిన్నటి శంకువుగా వదిలేస్తే బరువు పడ్డప్పుడు చివరల దగ్గరే ఎక్కువ నొక్కుకుని, అక్కడే పెచ్చులు లేస్తాయి. అందుకే రోలరు గోడను మధ్యలో కంటికి కనబడనంత ఉబ్బుగా, చివరలు కొద్దిగా తగ్గించి గ్రైండింగ్ చేస్తారు. కాబట్టి బలం గీత పొడవునా సమానంగా ఉండదన్నది మాత్రం ఖాయం.

గోదావరి_గణితం

రోలరుకు రెండు వైపులా దారులు ఉంటాయి, దాని శీర్షం కోసేసి ఉంటుంది. కొసదాకా సూదిగా ఉన్న శంకువుకు అదే వర్తిస్తుందని నేను వెంటనే ఒప్పుకోలేను. రమణ గారి షాపులో వీలైతే, అనూష గారి కొలతలతోనే ఒక ఇత్తడి శంకువును లేత్ మీద తీయించి, మసి పూసిన గాజు పలక మీద నెమ్మదిగా ఒకసారి, వేగంగా ఒకసారి దొర్లిస్తే, మసి ఎక్కడ ఎంత లేచిందో చూసి కొంతైనా చెప్పవచ్చు. గాజు మీద ఇత్తడి త్వరగా జారవచ్చు కాబట్టి, ముందు ఘర్షణ గుణకం కొలుచుకోవడం మంచిది.

లేత్_రమణ

ఇత్తడి కడ్డీ ముక్క ఉంది, 60 మి.మీ. వ్యాసం వస్తుంది. కొస సూదిగా తీస్తే మొదటిసారి దొర్లించేటప్పుడే వంగిపోతుంది కాబట్టి అర మిల్లీమీటరు మొద్దుగా వదలవలసి ఉంటుంది. ఆ మొద్దు వల్ల వృత్తం కేంద్రం ఎంత జరుగుతుందో మాస్టారు గారు ముందే లెక్కవేసి చెబితే, కాగితం మీద గుర్తు పెట్టుకుని సరిచూస్తాను.

శాస్త్రి_మాస్టారు

కేంద్రం జరగదు రమణ గారూ. కొస కోసేసినా మిగిలిన గోడ అదే శంకువులో భాగం కాబట్టి, వృత్తం కేంద్రం ఆ గోడను పొడిగిస్తే కలిసే చోటే, అంటే కోసిన అంచుకు కొద్దిగా అవతల ఉంటుంది. మీరు గుర్తు పెట్టవలసినది ఆధారపు అంచు నుంచి సరిగ్గా 60 మి.మీ. దూరంలో. అయితే లేత్ మీద టేపర్ కోణం 30° బదులు ఒక డిగ్రీ ఎక్కువ వచ్చినా, అంచు వ్యాసార్ధం 30 మి.మీ. గానే ఉంటే, ఆ దూరం 58.2 మి.మీ. కి తగ్గిపోతుంది, కాబట్టి కోణాన్ని ముందుగా సరిచూసుకోండి.